ప్రోస్టేట్ స్లైడ్లను మరో పాథాలజిస్టుకు చూపించాలా?

"నాన్నకు ప్రోస్టేట్ బయాప్సీలో గ్లీసన్ 3+4 వచ్చింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. స్లైడ్లు ఇంకెవరికైనా చూపిస్తే లాభం ఉంటుందా?"

మీ నాన్నగారి విషయంలో ఉంటుంది, ఎందుకంటే 3+3కీ 3+4కీ మధ్య గీత చాలా సన్నం. గ్లీసన్ అంటే స్లైడులో క్యాన్సర్ గ్రంథులు కనిపించే తీరుకు ఇచ్చే అంకెలు, ఎక్కువగా ఉన్న తీరు అంకె ముందు రాస్తారు. గ్రంథులు దేనికది విడిగా ఉంటే 3 అంటారు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా సరిగా ఏర్పడకపోయినా 4. విడిగా ఉన్న గ్రంథి ఏటవాలుగా కోతపడితే అది కూడా సరిగా ఏర్పడనట్టే కనిపిస్తుంది. 4 భాగం 5 శాతమే అని రాసి ఉంటే ఈ అనుమానం ఇంకా సహజం.

మళ్లీ సూది పెట్టక్కర్లేదు. ల్యాబ్‌లో స్లైడ్లు, బయాప్సీ ముక్కలు భద్రపరిచిన మైనపు బ్లాకులు, రిపోర్టు కాపీ అడగండి. బ్లాకులు ఎండకు పెట్టకండి, మైనం కరుగుతుంది. యూరో పాథాలజీ, అంటే ప్రోస్టేట్, మూత్రాశయం వంటి వాటి స్లైడ్లు ఎక్కువగా చూసేవారికి ఇవ్వండి, సాధారణ ల్యాబ్‌లో రెండోసారి చదివిస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

3+3 అని మారితే, పీఎస్ఏ రక్తపరీక్ష, ఎంఆర్ఐ కూడా అనుకూలంగా ఉంటే, ఆపరేషన్ బదులు క్రమం తప్పని పరీక్షలతో గమనిస్తూ ఉండొచ్చు. 4+3 అని పెరిగితే కథ వేరు: రేడియేషన్ ఎంచుకుంటే సాధారణంగా దానికి హార్మోన్ చికిత్స కూడా జతచేస్తారు.

రెండు రిపోర్టులూ కలవకపోతే నచ్చినదాన్ని పట్టుకోకండి, ఇద్దరు పాథాలజిస్టులనూ మాట్లాడుకోమనండి. సూది తగలని చోట ఉన్న గడ్డను ఏ రెండో అభిప్రాయమూ చూపించలేదు. ఎంఆర్ఐలో అనుమానాస్పద మచ్చ ఉండి అక్కడి ముక్క తీయకపోతే, అప్పుడు కావలసింది మరో బయాప్సీ. ఎముకలకు పాకినట్టు స్కాన్‌లో స్పష్టంగా ఉన్నవారైతే రెండో అభిప్రాయం కోసం చికిత్స ఆపకూడదు.