ఊడొచ్చిన వాష్ బేసిన్, కట్ చేస్తానంటున్న అడ్వాన్స్

వకీలు గారూ, హనుమకొండ నయీంనగర్‌లో రెండున్నరేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. నెలకు 9,000, అడ్వాన్స్ 18,000. మొన్న వాష్ బేసిన్ గోడ నుంచి ముందుకు వంగింది, కుడి పక్క స్క్రూ, గోడలో కొట్టిన ప్లాస్టిక్ గిట్టితో సహా చేతికొచ్చింది. ఓనర్ చూసి ‘మీ పిల్లలే పట్టుకుని వేలాడి ఉంటారు, కొత్తది పెట్టిస్తా, 6,000 అడ్వాన్స్‌లో కట్ చేస్తా’ అంటున్నారు. బేసిన్ పగల్లేదు. మేమే బిగించుకుని ఆ డబ్బు కిరాయిలో పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, కానీ ఒక పద్ధతి ఉంది, అది తప్పితే కిరాయి ఎగ్గొట్టారన్న మాట మీ మీదకొస్తుంది. అది చెప్పే ముందు ఒక పని చేయండి. బేసిన్ కింద ఉన్న యాంగిల్ కాక్ కట్టేసి, బేసిన్ కింద ఒక గట్టి స్టూలు, దాని మీద రెండు ఇటుకలు పెట్టి ఆనించి, పిల్లల్ని అటు పోనివ్వకండి. పింగాణీ బేసిన్ పది పన్నెండు కిలోల దాకా ఉంటుంది, కింద పడి పగిలితే ఆ అంచులు కత్తి కన్నా అన్యాయంగా కోస్తాయి. ఒక్క స్క్రూ మీద వేలాడుతున్న దానిలో ముఖం కడుక్కోవడం మాత్రం వద్దు.

ఇక చేతికొచ్చిన ఆ స్క్రూ, గిట్టి పారేశారా? పారేయకపోతే ఒక కవర్‌లో వేసి తేదీ రాసి పెట్టండి. మీ కేసులో సగం సాక్ష్యం అదే. నవ్వులాట కాదు, నేను ఇలాంటి తగాదాలు చూసినప్పుడల్లా మొదట అడిగేది అగ్రిమెంట్ కాదు, ఊడిన స్క్రూనే.

ఎందుకంటే, టైల్స్ ఉన్న గోడలో ఇటుక ఎక్కడో లోపల ఉంటుంది. టైల్ మందం ఎనిమిది మిల్లీమీటర్లు, దాని వెనక అతికించిన మాలు ఒక పదిహేను ఇరవై, ఆ వెనక ప్లాస్టరింగ్ ఇంకో పన్నెండు, అంటే ఇటుక తగిలేసరికి దాదాపు 40 మిల్లీమీటర్లు, ఒకటిన్నర అంగుళం దాటిపోతుంది. షాపులో బేసిన్‌తో పాటు వచ్చే చిన్న గిట్టి రెండంగుళాలు కూడా ఉండదు. దాన్ని కొట్టి వదిలేస్తే అది పట్టుకునేది ఇటుకను కాదు, ప్లాస్టరింగ్‌ను. కొత్తలో బిగుతుగానే ఉంటుంది, తర్వాత తడికి, రోజూ చేతులు ఆనించే బరువుకి మాలు పొడిపొడి అయ్యి నెమ్మదిగా వదులవుతుంది.

ఇప్పుడు మీ గిట్టిని వెలుతురులో పట్టుకుని చూడండి. మన దగ్గర ఎక్కువ ఇళ్లు ఎర్ర ఇటుకవే. గిట్టి గాడుల్లో బూడిద రంగు ఇసుక పొడే ఉండి ఎర్ర పొడి జాడే లేకపోతే, అది ఇటుక దాకా పోనేలేదన్నమాట, అంటే బిగించిన రోజే తప్పు జరిగింది. స్క్రూ తిన్నగా ఉండి తుప్పు పట్టి ఉంటే ఏళ్ల తరబడి నీరు దిగి వదులైందని చెప్పవచ్చు. అలా కాకుండా స్క్రూ కిందికి వంగి, బ్రాకెట్ కింద టైల్ కొత్తగా పగిలి, రంధ్రం చుట్టూ ముక్కలు లేచిపోయి ఉంటే మాత్రం ఎవరో ఒక్కసారిగా బరువు వేశారనే అనుమానం బలపడుతుంది, అప్పుడు ఓనర్ మాటకూ బలం ఉంటుంది. ఇవేవీ నూటికి నూరు పాళ్లు రుజువు కావు, సరిగా బిగించని బేసిన్ మీద పిల్లలు వేలాడి ఉండకూడదని ఏమీ లేదు కదా. కానీ నోటిమాట కన్నా ఎంతో నయం.

ఇంకొకటి, బేసిన్‌ను మెల్లగా పక్కకు జరిపి వెనక గోడ ఫోటో తీయండి. పాత రంధ్రాలకు వైట్ సిమెంట్ పూసిన గుర్తులు కనిపిస్తే అది ఇంతకు ముందే ఒకసారి ఊడిందని తెలుస్తుంది. కాజీపేటలో మేం ఒకప్పుడు కిరాయికున్న ఇంట్లో ఇదే జరిగింది. బ్రాకెట్ వెనక మూడు పాత బొక్కలు, ఒకదాంట్లో అగ్గిపుల్లలు కుక్కి పైన వైట్ సిమెంట్ రాశారు. అది చూపించాక ఓనర్ ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు చట్టం. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లో సెక్షన్ 108 ఓనరుకూ కిరాయిదారుకూ ఉండే బాధ్యతలు చెబుతుంది, అదీ అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతేనే. ఆ సెక్షన్‌లోని ఎం క్లాజు ప్రకారం మీరు ఇంటిని తీసుకున్నప్పుడున్న స్థితిలోనే ఉంచాలి, తిరిగి ఇవ్వాలి, వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదల మాత్రం మీ ఖాతాలో పడదు. మీ చేతల వల్లో నిర్లక్ష్యం వల్లో చెడిందైతే, ఓనర్ నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా మీరు బాగు చేయించాలి. అదే సెక్షన్‌లోని ‘ఎ’ క్లాజు ఇంకో మాట చెబుతుంది: ఓనరుకు తెలిసి, మామూలుగా చూస్తే మీకు కనపడని ముఖ్యమైన లోపం ఉంటే ముందే చెప్పాలి. వెనక అగ్గిపుల్లలు కుక్కిన బొక్కలు ఉన్నాయనుకోండి, ఈ క్లాజు మీకు పనికొస్తుంది.

కిరాయిలో పట్టుకోవడానికి దారి ఎఫ్ క్లాజు. ఓనర్ చేయాల్సిన మరమ్మతును, మీరు నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. ఇక్కడ ‘ఓనర్ చేయాల్సిన’ అన్న మాట దగ్గరే చాలామంది కాలు జారతారు. ప్రతి మరమ్మతూ ఓనరే చేయించాలని ఈ చట్టం ఎక్కడా అనలేదు. అందుకే అగ్రిమెంట్ తీసి చూడండి. ‘చిన్న మరమ్మతులు కిరాయిదారువి’ అని ఉంటే ఓనర్ దాన్నే పట్టుకుంటారు. నా లెక్కలో కొళాయి వాషర్, బల్బు చిన్న మరమ్మతులు, గోడకు బిగించిన ఫిటింగ్ ఊడిపోవడం బిల్డింగ్‌కు సంబంధించింది, కానీ దీన్ని అటూ ఇటూ వాదించవచ్చు, దాచను. పదకొండు నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయిందని ఆ షరతు చెల్లదనుకోకండి. మీరు ఉంటున్నారు, ఆయన కిరాయి తీసుకుంటున్నారు, పాత షరతులే చాలా వరకు నడుస్తాయి. రెంట్ కంట్రోల్ చట్టాన్ని తీసుకురావద్దు, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో మీ స్థాయి కిరాయిలు దాని కిందికి రావు.

కాబట్టి ఇవాళే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, ఫోటోలు, స్క్రూ ఫోటోతో సహా. మర్యాదగా, ఇలా: ‘అన్నా, వాష్ బేసిన్ కుడి పక్క స్క్రూ గిట్టితో సహా ఊడింది, గిట్టి ప్లాస్టరింగ్‌లోనే ఉన్నట్టుంది, బేసిన్ పగల్లేదు. ఇంట్లో పిల్లలున్నారు, పడితే ప్రమాదం. వారంలోగా బిగించండి, లేదంటే మేమే బిగించి బిల్లు చూపి వచ్చే నెల కిరాయిలో పట్టుకుంటాం.’ ఆయన ‘సరే కానియ్’ అన్నా చాలు, మీ పని అయిపోయినట్టే. తగిన గడువు ఎన్ని రోజులో చట్టంలో లేదు, కింద పడే వస్తువుకు వారం ఇవ్వడం ఎక్కువే. ‘ఒప్పుకోను, మీ తప్పే’ అని జవాబొస్తే మాత్రం కిరాయిలో కోయకండి, 9,000 పూర్తిగా కట్టి, బిల్లు దాచి, ఖర్చు వేరేగా అడగండి. బిగింపుకయ్యే పదమూడు వందల కోసం కిరాయి బాకీ అనే మచ్చ తెచ్చుకుంటే ఆయన ఖాళీ చేయమని పదిహేను రోజుల నోటీసు ఇవ్వడానికి అదే సాకవుతుంది.

ఒక ప్రశ్న మాత్రం నిజం చెప్పుకోండి. అది కదలడం మీరు మొదట ఎప్పుడు చూశారు? ఆరు నెలలుగా ఊగుతుంటే చూస్తూ ఊరుకుని ఉంటే, చెప్పలేదన్న తప్పు మీ వైపు కొంత ఉంది, అప్పుడు సగం సగం అని తేల్చుకోవడం తెలివైన పని.

బిగించేటప్పుడు ఎదుట నిలబడండి. పాత రంధ్రంలోనే లావు గిట్టి కొట్టేసి పోవడం ప్లంబర్లకు అలవాటు, వదులైన ప్లాస్టరింగ్‌లో అది మళ్లీ ఏడాదికి ఊడుతుంది. మీది బ్రాకెట్ మీద కూర్చునే రకమైతే రెండు మూడు అంగుళాలు పక్కకో పైకో కొత్త రంధ్రం వేయించండి. బేసిన్‌కే రంధ్రాలుండి జరపడానికి వీల్లేకపోతే పాత రంధ్రాన్నే ఇటుకలోకి లోతుగా దింపి, కెమికల్ యాంకర్ జిగురు నింపి బోల్టు నిలబెట్టాలి, అది ఆరేదాకా బరువు వేయకూడదు. గోడలో నీళ్ల పైపు, గీజర్ వైరు ఎటు పోతున్నాయో ఓనర్‌ను అడగకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి, పైపు పగిలితే ఆ ఖర్చు మీ మెడకే. టైల్ దాటేదాకా మిషన్‌లో హామర్ ఆపి నెమ్మదిగా, టైల్ దాటాకే హామర్ పెట్టాలి. రంధ్రం కనీసం 90 మిల్లీమీటర్ల లోతు, లోపలి పొడి ఊది తీసేయాలి, గిట్టి టైల్‌ను దాటి పూర్తిగా ఇటుకలోకి పోవాలి. టైల్ మందంలోనే గిట్టి ఉబ్బితే టైల్ పగులుతుంది. డ్రిల్లు నుంచి ఎర్ర పొడి రావడం మీ కళ్లతో చూడండి, వీలైతే ఆ పొడినే ఫోటో తీసి పెట్టుకోండి. మీది సిమెంటు ఇటుకో, తెల్లని తేలిక బ్లాకో అయితే రంగు లెక్క పనికిరాదు, తేలిక బ్లాకుకు దాని గిట్టి వేరేగా దొరుకుతుంది. రసమట్టం పెట్టి చూసి, పింగాణీకి నట్టుకి మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు వాషర్ వేసి, చేతి బిగువు తర్వాత పానాతో కొంచెం తిప్పితే చాలు, మరీ బిగిస్తే బేసిన్ పగిలేది అప్పుడే. గోడ అంచున సిలికాన్ గీత పెట్టించండి, నీళ్లు వెనక్కి పోకుండా అన్నమాట. సిలికాన్ ఒక్కదాంతోనే అతికిస్తానంటే పంపించేయండి.

కూలి ఎనిమిది వందలు, స్క్రూలు, గిట్టీలు, సిలికాన్ ఐదు వందలు అనుకుంటే పదమూడు వందలు. ఓనర్ ‘సరే’ అన్నట్టైతే బిల్లు పంపి 7,700 కిరాయి వేయండి, యూపీఐ నోట్‌లో ‘బేసిన్ రిపేర్ 1,300 పోను’ అని రాయండి. ప్లంబర్ చేత కూడా సంతకంతో చీటీ రాయించుకోండి, ఆ పని మళ్లీ ఊడితే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

6,000 కట్ చేసే సంగతి మాత్రం నిలబడదు. నిజంగా మీ తప్పే అయినా, పగలని బేసిన్ స్థానంలో కొత్తది కొని దాని డబ్బు అడగడానికి లేదు, ఆయనకు జరిగిన నష్టం బిగింపు ఖర్చే. ఖాళీ చేసేటప్పుడు కట్ చేస్తే, ఫోటోలు, కవర్‌లోని గిట్టి తీసుకుని హనుమకొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ఫీజు ఉండదు, ఓనర్‌ను పిలిచి కూర్చోబెడతారు.