కట్టేస్తే ఆగలేదు, పాస్‌కి తీసుకెళ్తే ఆగారు

ప్రశ్న: "నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన కన్‌ఫ్యూజన్‌తో మంచం దిగేస్తున్నారు. చేతులు కట్టేయమని సీనియర్లు అంటున్నారు. కట్టకుండా ఎలా ఆపాలి? పడిపోతే నోట్స్‌లో ఏం రాయాలి?"

మా మెడికల్ వార్డులో 76 ఏళ్ల హార్ట్ పేషెంట్ ఒకాయన ఉండేవారు. మొదటి రాత్రి కట్టేశాం. తెల్లార్లూ లాగుతూనే ఉన్నారు, మణికట్లు కందిపోయాయి, కేకలు ఇంకా పెరిగాయి. రెండో రాత్రి కట్టలేదు, రెండువైపులా రెయిలింగ్ లేపి వదిలేశాం. దాని మీద నుంచి దిగబోయి పడ్డారు. రెయిలింగ్ లేకపోతే మంచం ఎత్తు నుంచే పడేవారు, దాన్ని ఎక్కడంతో ఇంకా పైనుంచి పడ్డారు.

చూడగానే లేపలేదు. పేరు అడిగాను, తలకు దెబ్బ ఉందా, మెడ నొప్పి ఉందా చూశాను. ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగితే తుంటి విరిగిందని అనుమానించాలి, అదీ చూశాను. బీపీ, పల్స్, షుగర్ తీసి డ్యూటీ డాక్టర్‌ని పిలిచాను. ఆయన చూశాకే నలుగురం కలిసి మంచం మీదికి చేర్చాం. రక్తం పలుచబడే మందు వాడుతున్నారు కాబట్టి, తలకు దెబ్బ కనపడకపోయినా గంట గంటకీ స్పృహ, కంటిపాపలు చూడమన్నారు.

నోట్స్‌లో ఇలా రాశాను: "రాత్రి 2:40కి శబ్దం విని వెళ్లాను. పేషెంట్ మంచానికి కుడివైపు నేల మీద, ఎడమ పక్కకు తిరిగి ఉన్నారు. పడటం ఎవరూ చూడలేదు. రెండు రెయిలింగ్‌లూ లేపి ఉన్నాయి, నేల పొడిగా ఉంది. 'పాస్‌కి వెళ్లాలమ్మా' అన్నారు." తర్వాత బీపీ, పల్స్, షుగర్ రీడింగులు, డాక్టర్‌కి, కూతురికి ఎన్ని గంటలకు చెప్పానో రాశాను. మీరు చూడనప్పుడు "జారి పడ్డారు" అని రాయకండి, అది మీ ఊహ. "మాట వినని పేషెంట్" అనీ వద్దు.

ఆ పాస్ మాటే కారణం చెప్పింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ అది చదివి మందుల చార్ట్ చూశారు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ రెండో మాత్ర రాత్రి 8కి పడుతోంది! దాన్ని మధ్యాహ్నానికి మార్చారు. మేము పడుకునే ముందు ఒకసారి, 1:30కి ఒకసారి అడగకుండానే బాత్రూమ్‌కి తీసుకెళ్లాం. ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టేవాళ్లం, గబుక్కున లేస్తే బీపీ పడిపోతుంది కదా. మంచం పూర్తిగా కిందికి దించి, దిగే వైపు రెయిలింగ్ తీసేశాం. కళ్లద్దాలు చేతికి అందేలా పెట్టి, బాత్రూమ్ లైటు వేసి ఉంచాం. అవసరం లేని ఐవీ లైన్ డాక్టర్‌ని అడిగి తీసేశాం. కూతురు మంచం పక్కనే పడుకునేది. డిశ్చార్జ్ అయ్యేదాకా మళ్లీ పడలేదు.

ట్యూబు పీకేసుకునే ఐసీయూ పేషెంట్ సంగతి వేరు. అక్కడ కట్టక తప్పకపోతే డాక్టర్ రాతపూర్వక ఆర్డర్ ఉండాలి, వేళ్ల రంగు, వాపు చూస్తూ టైమ్‌తో రాయాలి.

ఇన్సిడెంట్ ఫారం విడిగా నింపండి, కేస్ షీట్‌లో దాని ప్రస్తావన తేవద్దు. ఏదైనా మరిచిపోతే పాత లైన్ల మధ్య ఇరికించకుండా, "లేట్ ఎంట్రీ" అని ఇప్పటి టైమ్ వేసి కింద రాయండి.