మూలల్లో వంగిన గీతలు, మసకబారిన అక్షరాలు: లెన్స్‌లో జరిగేది ఏమిటి?

ప్రశ్న: "గోడకు అతికించిన పెద్ద మ్యాపును 24–105 జూమ్ లెన్స్‌తో 24 మి.మీ. దగ్గర ఫొటో తీశాను. అంచు గీతలు బయటికి ఉబ్బాయి, మూలల్లో అక్షరాలు మసకగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తే గీతలు తిన్నగా వచ్చాయి కానీ మసక పోలేదు, ఇంకా పెరిగినట్టుంది. లెన్స్ పాడైందా?"

నాలుగు మూలలూ ఇంచుమించు ఒకే తీరుగా మసకబారి ఉంటే లెన్స్ పాడైనట్టు కాదు. ఒక్క మూలో, ఒక్క పక్కో మాత్రమే మసకగా ఉన్నప్పుడే లోపలి గాజు పక్కకు జరిగిందనో, కెమెరా మ్యాపుకు సమాంతరంగా లేదనో అనుమానించాలి. మీ ఫొటోలో ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు. డిస్టార్షన్ ప్రతి బిందువునూ పదునుగానే ఉంచుతుంది, కానీ ఉండవలసిన చోట ఉంచదు. ఫీల్డ్ కర్వేచర్ బిందువును దాని చోటనే ఉంచుతుంది, కానీ దాని ఫోకస్ సెన్సర్ మీద కాకుండా కొంచెం ముందో వెనకో పడేలా చేస్తుంది. చోటు తప్పిన బిందువును తరవాత లెక్కగట్టి వెనక్కి తేవచ్చు. ఫోకస్ తప్పిన బిందువులోని వివరం మాత్రం తిరిగి రాదు.

ఇదే పొరపాటు నేనూ చేశాను. 120 సెం.మీ. వెడల్పు, 80 సెం.మీ. ఎత్తు ఉన్న పాత పటాలను కొలతలు తీసుకోవడానికి వీలుగా ఫొటోలు తీయవలసి వచ్చినప్పుడు, గది ఇరుకుగా ఉందని జూమ్‌ను 24 మి.మీ. దగ్గర పెట్టి, లెన్స్‌కూ పటానికీ మధ్య సుమారు 82 సెం.మీ. దూరం ఉంచి తీశాను. సెన్సర్ 36×24 మి.మీ., చిత్రం 6000×4000 పిక్సెళ్లు. అంటే చిత్రంలోని ఒక పిక్సెల్ కాగితం మీద 0.2 మి.మీ.కు సమానం. పటం పై అంచున ఒక సరిహద్దు గీత ఉంది. ఆ గీత మధ్యభాగం ఫ్రేము పై అంచుకు 100 పిక్సెళ్ల దూరంలో ఉంటే, రెండు కొసలు 156 పిక్సెళ్ల దూరంలో ఉన్నాయి. ఆ 56 పిక్సెళ్ల వంపు కాగితం మీద 11 మి.మీ. పైమాటే. ఈ వంపు నుంచి వెనక్కి లెక్కిస్తే ఫ్రేము మూలలోని బిందువు సుమారు 4.3 శాతం, అంటే 154 పిక్సెళ్లు కేంద్రం వైపు జరిగినట్టు తేలింది. కాగితం మీద అది మూడు సెంటీమీటర్లు. అయితే కేంద్రానికీ మూలకూ నడిమధ్యన ఉన్న బిందువు జరిగింది 19 పిక్సెళ్లే, ఎందుకంటే సాధారణ డిస్టార్షన్‌లో జరుగుబాటు కేంద్రం నుంచి ఉన్న దూరపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. దూరం సగమైతే జరుగుబాటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నడుమ అంతా బాగున్నట్టు కనిపించి అంచుల్లోనే అకస్మాత్తుగా వంపు బయటపడేది ఇందువల్లనే.

ఈ వంపు ఎందుకు వస్తుందో చూడటానికి ఒక భూతద్దమూ గళ్ల కాగితమూ చాలు. భూతద్దాన్ని కాగితానికి కొంచెం ఎత్తులో పట్టుకొని కంటిని వెనక్కి జరుపుతూ పోతే, అంచున ఉన్న గళ్ల గీతలు మధ్యలో లోపలికి నొక్కుకుపోయి, మూలలు బయటికి లాగినట్టు కనిపిస్తాయి. గుండుసూదులు గుచ్చే చిన్న దిండు ఆకారంలో ఉంటుంది కనుక దీన్ని పిన్‌కుషన్ డిస్టార్షన్ అంటారు. ఇక్కడ మీ కంటిపాప ఎపర్చర్ పని, అంటే కాంతిని లోపలికి వదిలే రంధ్రం పని చేస్తోంది, అది లెన్స్‌కు వెనక ఉంది. మొత్తం రహస్యం ఎపర్చర్ ఎక్కడ ఉందన్నదానిలోనే ఉంది.

ఒక కుంభాకార కటకానికి ముందు ఎపర్చర్ ఉందనుకోండి. పైనున్న వస్తువు నుంచి వచ్చే కిరణం ఎపర్చర్ మధ్యలోంచి కిందికి దిగి, కటకం కింది భాగాన్ని తాకుతుంది. కటకం దాన్ని అక్షం వైపు, అంటే పైకి వంచుతుంది. కటకపు అంచు భాగం కిరణాన్ని ఉండవలసినదాని కంటే ఎక్కువగా వంచుతుంది కాబట్టి, ప్రతిబింబం అక్షానికి మరీ దగ్గరగా పడుతుంది. మూలలు లోపలికి ముడుచుకొని, గీతలు పీపా పక్కల్లా ఉబ్బుతాయి. ఇది బ్యారెల్ డిస్టార్షన్. ఎపర్చర్ కటకానికి వెనక ఉంటే అదే కిరణం ముందుగా కటకం పై భాగాన్ని తాకి, కిందికి వంగి, ఆ తరవాత ఎపర్చర్‌ను దాటుతుంది. ఇక్కడ అదనపు వంపు దాన్ని అక్షానికి మరింత దూరంగా విసురుతుంది, ఫలితం పిన్‌కుషన్. కటకం పుటాకారమైతే రెండూ తారుమారవుతాయి.

జూమ్ లెన్స్ ఒక కొసన బ్యారెల్‌నూ మరో కొసన పిన్‌కుషన్‌నూ ఎందుకు చూపిస్తుందో దీనితోనే అర్థమవుతుంది. అద్దం ఉన్న కెమెరాల కోసం చేసిన వైడ్ లెన్స్‌లలో, సెన్సర్‌కు ముందు చోటు వదలడానికి, పుటాకార సముదాయం ముందూ కుంభాకార సముదాయం వెనకా ఉంటాయి. జూమ్ వైడ్ కొసన కూడా చాలావరకు ఈ అమరికకే వస్తుంది. ఎపర్చర్‌కు ముందున్న పుటాకారం బ్యారెల్‌ను ఇస్తుంది, వెనకనున్న కుంభాకారం కూడా బ్యారెల్‌నే ఇస్తుంది, రెండూ కలిసిపోతాయి. టెలి వైపు అమరిక దీనికి తిరగబడి, రెండూ పిన్‌కుషన్ వైపే లాగుతాయి. ఎపర్చర్‌కు ఇరువైపులా ఒకే రకమైన సముదాయాలు పెడితే ముందుది తెచ్చిన వంపును వెనకది చాలావరకు రద్దు చేస్తుంది. 1866లో లెన్స్ తయారీదారులు డాల్‌మెయర్, స్టైన్‌హైల్ ఎవరికి వారుగా తెచ్చిన జంట లెన్స్‌లు భవనాల గీతలను తిన్నగా చూపించగలిగింది ఈ సమరూపత వల్లనే.

ఎపర్చర్ స్థానం ముఖ్యం కానీ, దాని పరిమాణం కాదు. f/4 నుంచి f/11కి వెళ్లినా ఆ కిరణపుంజం మధ్య కిరణం అదే దారిలో పోతుంది, కనుక వంపు మారదు. మీ ఫొటోలో మసక వంపు వల్ల వచ్చిందా, ఫోకస్ వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవడానికి ఇది మంచి గుర్తు: ఎపర్చర్ మూసినప్పుడు మసక తగ్గి వంపు అలాగే ఉంటే, రెండూ వేర్వేరన్నమాట.

సాఫ్ట్‌వేర్ సరిచేశాక మసక పెరిగినట్టనిపించడం మీ భ్రమ కాదు. మూలల్ని బయటికి లాగడమంటే అక్కడి పిక్సెళ్లను సాగదీయడమే. నా ఫొటోలో మూల 4.3 శాతమే జరిగినా, వంపు ఘనంగా పెరుగుతుంది కాబట్టి మూల దగ్గర చిత్రం వ్యాసార్థం దిశలో దాదాపు 13 శాతం నొక్కుకుపోయింది. 87 పిక్సెళ్లలో ఇమిడిన వివరాన్ని సాఫ్ట్‌వేర్ 100 పిక్సెళ్లకు పరచవలసి వచ్చింది. అప్పటికే ఫోకస్ తప్పిన అక్షరాలు మరింత పలచబడ్డాయి.

ఇక మసక సంగతి. పటం మధ్యభాగం లెన్స్‌కు 82 సెం.మీ. దూరంలో ఉంటే, మూల సుమారు 109 సెం.మీ. దూరంలో ఉంది. దూరపు బిందువు ప్రతిబింబం లెన్స్‌కు దగ్గరగా ఏర్పడుతుంది, కానీ సెన్సర్ మూల చూస్తే లెన్స్‌కు ఇంకా దూరంగా ఉంది. కాబట్టి ఒంటరి కటకం చదునైన కాగితం ప్రతిబింబాన్ని గిన్నెలా వంగిన తలం మీద ఏర్పరుస్తుంది. గణిత శాస్త్రవేత్త జోసెఫ్ పెట్స్‌వాల్ కనుగొన్నదాని ప్రకారం ఈ వంపుకు ప్రతి కటకమూ కాంతిని వంచే తన శక్తిని తన గాజు వక్రీభవన గుణకంతో భాగించినంత జోడిస్తుంది; ఆ కటకం ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. కానీ లెన్స్ మొత్తం శక్తికి అది ఎంత జోడిస్తుందన్నది, కిరణాలు దాన్ని అక్షానికి ఎంత ఎత్తులో తాకుతాయన్నదానిపై ఆధారపడుతుంది. కిరణాలు సన్నబడిన చోట పుటాకార కటకాన్ని పెడితే, లెన్స్ శక్తి పెద్దగా తగ్గకుండానే తలం చదునవుతుంది. 1893 నాటి కుక్ ట్రిప్లెట్ అనే లెన్స్ మూడే మూడు గాజులతో దీన్ని సాధించింది; నాకు ఇప్పటికీ అది ఎంతో అందమైన పరిష్కారంగా తోస్తుంది.

పరీక్ష ఇలా చేశాను. ఎపర్చర్‌ను f/4 దగ్గర ఉంచి, లైవ్ వ్యూను పెద్దది చేసి, పటం నడుమ ఉన్న సన్నని అక్షరాల మీద చేత్తో ఫోకస్ చేశాను. తరవాత ఫోకస్ రింగును ముట్టకుండా, మూలను చూస్తూ కెమెరాను మెల్లగా పటం వైపు జరిపాను. 8 సెం.మీ. దగ్గరికి వచ్చేసరికి మూలలోని ఊరి పేర్లు స్పష్టంగా తేలాయి, నడిమివి మసకబారాయి. అంటే పదునుగా పడే తలం అంచుల్లో కెమెరా వైపు వంగి ఉంది. ఎంత జరిపినా మూల పదునెక్కకపోతే తప్పు ఫీల్డ్ కర్వేచర్‌ది కాదు, కోమా, ఆస్టిగ్మాటిజం వంటి వేరే లోపాలది. అప్పుడు కింద చెప్పే ఉపాయం పెద్దగా పనిచేయదు.

ఆ 8 సెం.మీ. సెన్సర్ దగ్గర 0.08 మి.మీ. తేడా అవుతుంది. దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే మసక వలయం వస్తుంది: f/4 దగ్గర 0.02 మి.మీ., అంటే మూడు పిక్సెళ్ల పైన. F/8 దగ్గర 0.01 మి.మీ., ఇంకా ఒకటిన్నర పిక్సెల్‌కు మించే ఉంది. ఎపర్చర్ మూయడం ఒక్కటే చాలదు. ఈ తలం వంపు కేంద్రం నుంచి ఉన్న దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కేంద్రం నుంచి మూల వైపు 70 శాతం దూరంలో ఫోకస్ చేస్తే తప్పిదం నడిమికీ మూలకూ సగం సగంగా పంచుకుపోతుంది. అలా చేసి f/8 దగ్గర తీస్తే మసక వలయం రెండుచోట్లా 0.005 మి.మీ.కు, అంటే ఒక పిక్సెల్ కంటే తక్కువకు దిగింది. f/16 దాకా పోవలసిన అవసరం లేదు. అక్కడ వివర్తనం వల్ల చిత్రమంతా మెత్తబడుతుంది.

కొన్ని లెన్స్‌లలో తలం ఒకే వంపుగా ఉండక, నడుమ ఒక వైపూ అంచున మరో వైపూ తిరుగుతుంది. అటువంటప్పుడు 70 శాతం లెక్క వర్తించదు. నడుమ, సగం, మూల, మూడుచోట్లా చూసి ఎంచుకోవాలి. డిస్టార్షన్‌లోనూ ఇలాంటిది ఉంది: గీత మధ్యలో ఉబ్బి, కొసల్లో మళ్లీ పైకి తిరిగి మీసంలా కనిపిస్తుంది. దాన్ని ఒక్క స్లయిడర్‌తో తిన్నగా చేయలేరు, ఆ లెన్స్‌కే చేసిన ప్రొఫైల్ కావాలి. ఆ ప్రొఫైల్ కూడా దూరపు వస్తువులను బట్టి తయారైతే 82 సెం.మీ. వంటి దగ్గరి దూరంలో కొంత వంపును మిగులుస్తుంది, ఎందుకంటే ఫోకస్ దూరంతో పాటు డిస్టార్షనూ మారుతుంది. కొలతలు ముఖ్యమైతే అదే దూరంలో ఒక గళ్ల కాగితాన్ని తీసి, మిగిలిన వంపును కొలుచుకోండి.

నేను చివరికి తలుపు తీసి కెమెరాను గది బయటికి జరిపి, 50 మి.మీ. మ్యాక్రో లెన్స్‌తో సుమారు 1.7 మీటర్ల దూరం నుంచి f/8 దగ్గర తీశాను. దగ్గరి పనికోసమే తలాన్ని చదునుగా ఉంచిన లెన్స్ అది. అదే సరిహద్దు గీత వంపు ఈసారి 4 పిక్సెళ్లు వచ్చింది, కాగితం మీద ఒక మిల్లీమీటరుకు లోపే. మూలల్లోని పేర్లను ఏ సవరణా లేకుండానే చదవగలిగాను.