రక్తనాళం చీలిందన్నారు, స్టెంట్ వేయలేదు... ఎందుకు?

ప్రశ్న: మా చెల్లెలికి 36 ఏళ్లు. రెండో కాన్పైన 11వ రోజు తెల్లవారుజామున గుండె బరువెక్కి చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేసి నాలుగు గంటలు చూశాం. ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. యాంజియోగ్రామ్ చేసి నాళం లోపల చీలిందన్నారు కానీ స్టెంట్ వేయలేదు. ఐదు రోజులుంచి మాత్రలిచ్చి పంపారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏమీ లేవు. మైగ్రేన్ ఉంది, దానికి షాపులో మాత్రలు తెచ్చుకుంటుంది. పాపకు పాలిస్తోందని వారం నుంచి గుండె మాత్రలు ఆపేసింది. హైదరాబాద్ తీసుకెళ్లి స్టెంట్ వేయించమంటారా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్టెంట్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రలు ఎవరినడిగి ఆపారు? ఏ మందులో మీరు రాయలేదు. మామూలుగా ఇలాంటివారికి తక్కువ డోసు ఆస్పిరిన్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఇస్తాం. ఈ రెండూ పాలిచ్చే తల్లులకూ ఇచ్చేవే. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. మానుతున్న నాళం గోడకు ఇప్పుడు అదే పడదు. పైగా ఈ చీలిక మళ్లీ రాకుండా కొంతవరకు కాపాడుతుందని మేం నమ్మేది ప్రధానంగా ఆ మందునే. ఇవాళే డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని మీ కార్డియాలజిస్టును కలవండి. పాపకు పాలిస్తున్న సంగతి చెప్పండి. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు.

యాంజియోగ్రామ్ సీడీ చూడకుండా కచ్చితంగా చెప్పలేను కానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది మేం స్కాడ్ అని పిలిచే జబ్బు. మామూలు గుండెపోటులో నాళంలో పేరుకున్న కొవ్వు పగిలి, దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఇందులో కొవ్వు ఉండదు. గోడ పొరల మధ్యకు రక్తం చేరి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు రక్తం పారే దారిని పక్క నుంచి నొక్కేస్తుంది. చాలామందిలో చిరుగు కూడా కనబడదు. నాళం చాలా దూరం నున్నగా, సన్నగా కనిపిస్తుందంతే.

అక్కడ స్టెంట్ వేస్తే ఏమవుతుందో చూడండి. పాల ప్యాకెట్‌ను మధ్యలో నొక్కితే పాలు రెండు వైపులకీ జరుగుతాయి కదా, గోడలోని రక్తం కూడా అలాగే జరిగి, బాగున్న చోట కూడా నాళాన్ని మూసేయొచ్చు. దాన్ని తెరవడానికి ఇంకో స్టెంట్, దాని పక్కన మరొకటి... అలా పోతుంది. అసలు ముందు పంపే సన్నని తీగే దారి తప్పి పొరల మధ్యకు దూరొచ్చు. అన్నీ సవ్యంగా జరిగినా, కొన్ని వారాలకు ఆ రక్తం కరిగిపోయి నాళం వెడల్పయితే, స్టెంట్ గోడకు అంటుకోకుండా వదులైపోతుంది. వదులైన చోట గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. వదిలేస్తేనో, చాలామందిలో వారాలు, నెలల్లో దానంతటదే మానుతుంది. నొప్పి తగ్గకపోయినా, బీపీ పడిపోయినా, గుండె లయ ప్రమాదకరంగా తప్పినా, ఎడమవైపు మూలనాళంలోనే చీలిక ఉన్నా స్టెంటో, బైపాసో తప్పదు. చీలిక పాకే ప్రమాదం తొలి రోజుల్లోనే ఎక్కువ కాబట్టి ఆ ఐదు రోజులూ కనిపెట్టి చూసి ఉంటారు. ప్రస్తుతం నొప్పి లేకపోతే, స్టెంట్ కోసమే హైదరాబాద్ వెళ్లాల్సిన పని నాకు కనబడటం లేదు.

ఈ జబ్బు వచ్చేవారిలో దాదాపు 90 శాతం ఆడవాళ్లే, చాలామందికి షుగర్, కొలెస్ట్రాల్ ఉండవు. కాన్పైన తొలి వారాలు, తీవ్రమైన దుఃఖం, హార్మోన్ మాత్రలు, మైగ్రేన్... వీటితో సంబంధం కనిపిస్తోంది. ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా అనే నాళాల లోపం కూడా వీరిలో ఎక్కువ. అందుకే మెదడు, మెడ, మూత్రపిండాల నాళాలను ఒకసారి స్కాన్ చేయించమంటాం. మెదడు నాళంలో ఉబ్బు ఉంటే ముందే తెలుస్తుంది. మీ లేఖలో ఆ ఊసే లేదు, అడగండి.

ఇక ఆ మైగ్రేన్ మాత్రల షీటు తిప్పి చదవండి. ఎర్గోటమిన్ గానీ, సుమాట్రిప్టాన్ లాంటి పేరు గానీ ఉంటే పక్కన పడేయండి. అవి గుండె నాళాలను కూడా బిగిస్తాయి. షాపతను ఆమె గుండె సంగతి అడిగి ఇవ్వలేదు కదా. గర్భం రాకుండా హార్మోన్ మాత్రలు కూడా సొంతంగా వాడొద్దు. కాపర్-టీ గురించి గైనకాలజిస్టుతో మాట్లాడండి.

మళ్లీ నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసి నాలుగు గంటలు చూడటం ఈసారి కుదరదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే ‘పాత గుండెపోటు నాళం చీలడం వల్ల వచ్చింది’ అని చెప్పి సమ్మరీ చూపించండి. మామూలు గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, గోడలో రక్తస్రావం పెరగొచ్చు.