సెన్‌పాయ్, ఒటాకు, ఇసెకాయ్ అంటే

“మా పద్నాలుగేళ్లవాడు పై క్లాసు అబ్బాయిని సెన్‌పాయ్ అంటాడు, తనను ఒటాకు అంటాడు. నిన్న ‘లారీ గుద్దితే ఇసెకాయ్‌కి పోవచ్చు’ అన్నాడు. భయమేసింది.”

ఆ లారీ మాట అనిమే, అంటే జపాన్ కార్టూన్ల అభిమానుల్లో అరిగిపోయిన జోకండి. ఇసెకాయ్ అంటే ‘వేరే లోకం’. ఆ తరహా కథల్లో హీరో తరచూ లారీ కింద పడి చనిపోయి, మంత్రాలుండే లోకంలో మళ్లీ పుడతాడు. ఆ లారీకి ‘ట్రక్-కున్’ అని ముద్దుపేరు కూడా ఉంది. నవ్వుతూ అంటే సరే, దిగులుగా పదేపదే అంటుంటే మాత్రం జోకనుకోకుండా కూర్చోబెట్టి అడగండి.

సెన్‌పాయ్ అంటే మన సీనియరే.

ఒటాకుకి అసలు అర్థం ‘మీ ఇల్లు’, మర్యాదగా ‘తమరు’. 1983లో నకామోరి అకియో అనే జపాన్ రచయిత ఒక పత్రికలో అనిమే పిచ్చివాళ్లను ఎగతాళి చేస్తూ ఆ పేరు వాడాడు. మన పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు గానీ, జపాన్‌లో పరిచయం లేనివాళ్లను అలా పిలిస్తే నొచ్చుకోవచ్చు.