ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి తెలుగు స్టిక్కర్లు అంటించుకోవచ్చా?

"ఇన్‌స్క్రిప్ట్‌లో టైపింగ్ నేర్చుకుంటున్నా. కీబోర్డు మీద తెలుగు స్టిక్కర్లు వేసుకుంటే త్వరగా వస్తుందా, లేక అలవాటు చెడిపోతుందా? వాడినోళ్లు చెప్పండి."

నేను కడపలో డీటీపీ షాపు నడుపుతాండా అన్నా. స్టిక్కర్లు వాడినా, రెండు తప్ప అన్నీ పీకేసినా కూడా. కొనేముందు షీటు ఫోటోలో K మీద క, H మీద ప, D మీద పొల్లు గుర్తు ఉన్నాయా చూడు, లేకపోతే అది వేరే లేఅవుట్‌ది. విండోస్‌లో కూడా Telugu అని ఉండే కీబోర్డే పెట్టుకో, Telugu Phonetic పెడితే స్టిక్కర్ మీద ఒకటి ఉంటాది, స్క్రీన్ మీద ఇంకోటి పడతాది.

మొదటి వారం భలే ఉంటాది, కడప అని కొట్టాలంటే K, [, H చూసుకుంటా కొట్టేయొచ్చు. నాకు తిప్పలు వచ్చింది F, J కాడ. ఆ రెండిటి మీద వేలికి తగిలే చిన్న గీత ఉంటాది కదా, స్టిక్కర్ దాన్ని కప్పేసింది. చూడకుండా కొడదామని చెయ్యి పెడితే కుడిచెయ్యి ఒక కీ పక్కకు జరిగిపోయేది, కరువు అని కొడితే తకువు అని పడేది! ఒక అర్జీ మొత్తం అట్లనే కొట్టి, ప్రింటుకు ముందు చూసి మళ్లీ కొట్టినా. ఆ రెండు కీలకు మాత్రం స్టిక్కర్ వేయొద్దు, F ఇకారం, J ర, అంతే గుర్తుపెట్టుకో. ఇంగ మన ఎండలకు, వేళ్ల చెమటకు అంచులు లేసి జిగురు బయటికొస్తాది, దానికి దుమ్ము అంటుకుంటాది.

అసలు హల్లులకు స్టిక్కర్లే అక్కర్లేదనిపిస్తాది నాకు. K మీద క, దాని పైవరసలో I మీద గ. L మీద త, పైన O మీద ద. H మీద ప, పైన Y మీద బ. షిఫ్ట్ పట్టుకుంటే అదే కీలో ఖ, ఘ, థ, ధ, ఫ, భ. ఇది పట్టుబడితే చూడాల్సిన పనే లేదు. అచ్చులు కూడా అంతే, మామూలుగా కొడితే గుణింతం గుర్తు, షిఫ్ట్‌తో అచ్చు, అంటే F ి అయితే షిఫ్ట్ F ఇ, పైన R ీ.

ఈ వరసకు రానివి ఎ, ఒ. అన్ని భారతీయ భాషలకు ఒకే పద్ధతిలో చేసిన లేఅవుట్ ఇది, హిందీలో మామూలుగా హ్రస్వ ఎ, ఒ వాడరు కాబట్టి మనవి మూలలకు పోయినాయి. ె Z మీద, ొ ఒకటి అంకె పక్కనుండే ` మీద. ే, ో మాత్రం S, A మీద బాగానే ఉంటాయి. అందుకే నేను నెలరోజులకు మిగతావన్నీ స్పిరిట్‌తో తుడిచి పీకేసినా (కీబోర్డు ఆఫ్ చేసుకునే సుమా), Z, ` మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ` మీదిది చూడకుండా నేను ఒక అని ఒక్కసారి కూడా సరిగ్గా కొట్టలేదు.