పదో పెళ్ళిరోజుకి ఆమెకు ఏం రాయాలి?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. ఏడేళ్ళుగా విదేశంలో పని చేస్తున్నాను, రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్తాను. ఇంకో రెండు నెలల్లో మా పదో పెళ్ళిరోజు. ఈసారీ వెళ్ళడం కుదరదు. రోజూ వీడియోలో మాట్లాడుకుంటాం కానీ అంతా పాప ఫీజులు, నాన్న మందులు, ఖర్చుల లెక్కలే. ఉత్తరం రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. 'నువ్వు లేక నేను లేను' లాంటివే వస్తున్నాయి, చదివితే నాకే సిగ్గేస్తోంది. పోయినేడాది నాన్నకి గుండె ఆపరేషన్ జరిగితే మొత్తం తనే చూసుకుంది. రెండు రోజులయ్యాక గానీ నాకు చెప్పలేదు. మొన్న 'ఇంకెన్నాళ్ళిలా?' అని అడిగితే మాట మార్చేశాను. ఏం రాయమంటారు?

జవాబు: మీ ఉత్తరానికి కావలసిన సరుకంతా మీ ప్రశ్నలో చివరి నాలుగు వాక్యాల్లోనే ఉంది. ఆపరేషన్ జరిగిన ఆ రెండు రోజుల గురించి రాయండి. పదేళ్ళనీ ఒక ఉత్తరంలో పెట్టాలని చూస్తే ఏ సంవత్సరానికీ ఒక్క వాక్యానికి మించి దక్కదు. అలాంటప్పుడే చేతికి అరువు మాటలు వస్తాయి. ఒక్క సంఘటన దగ్గర ఒక పేజీ సేపు నిలబడితే మాటలు మీవే అవుతాయి.

రాసే ముందు ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో తెలుసుకోండి. మీ నాన్నగారిని అడగండి, మీ అమ్మగారిని అడగండి. ఆస్పత్రికి ఎన్ని గంటలకు బయల్దేరారు, పాపని ఎవరి దగ్గర ఉంచారు, సంతకం ఎవరు పెట్టారు, రాత్రి ఆమె ఎక్కడ కూర్చుంది, మరుసటి పొద్దున పాప బడికి వెళ్ళిందా? ఇవన్నీ చిన్న సంగతులే, ఉత్తరాన్ని నిలబెట్టేవి కూడా ఇవే. ఓ వారం పాటు ఒక కాగితం దగ్గర పెట్టుకుని, తెలిసినప్పుడల్లా ఒక ముక్క రాసుకోండి. ఆమెను మాత్రం ముందే అడగొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు మెలకువ. సాధారణంగా ఇలాంటి చోట మనం రాసేది: "నువ్వు ఉన్నావు కాబట్టే ఇక్కడ నేను నిశ్చింతగా పని చేసుకోగలిగాను." మంచి మాటే, కానీ అందులో ఉన్నది మీ నిశ్చింత. ఆమె ఎక్కడా కనిపించదు. ఇలా రాసి చూడండి: "డాక్టరు చెప్పింది నాన్నకి అర్థమయ్యేలా మళ్ళీ మళ్ళీ చెప్పావట. ఆయన భయపడుతున్నారని ఎవరూ చెప్పకుండానే నీకు తెలిసిపోయింది. నీది అలాంటి మనసు. నేను పక్కనున్నా అలా చేయగలిగేవాణ్ణి కాదు." మొదటిది మీకు కలిగిన మేలు, రెండోది ఆమె ఎలాంటి మనిషన్నది.

మనస్తత్వ శాస్త్రవేత్త సారా ఆల్గో తన సహపరిశోధకులతో 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడా మీదే. జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకుంటుంటే గమనించారు. ఎదుటి మనిషి చేసినదాన్ని, వారి గుణాన్ని మెచ్చుకున్న మాటలు ఎక్కువగా ఉన్నచోట, 'నన్ను అర్థం చేసుకున్నారు' అన్న భావం విన్నవారిలో ఎక్కువగా కనిపించింది. తమకు ఒరిగిన లాభం గురించి చెప్పుకున్న మాటలతో ఆ ఫలితం అంతగా కనిపించలేదు. దూరంగా ఉన్న భర్తలు రాసే ఉత్తరాల్లో ఇలా తమ గురించి చెప్పుకునే మాటలే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. వాళ్ళకు కళ్ళ ముందు కనిపించేది తమ ఒంటరితనమే కదా.

దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. చిత్తుప్రతి రాశాక పెన్సిలు తీసుకుని క్రియల చివర్లు చూడండి. మనం 'నేను', 'నువ్వు' తరచూ వదిలేస్తాం గాబట్టి వాటిని లెక్కపెడితే లాభం లేదు. 'ఏడ్చాను, తలుచుకున్నాను, కష్టపడుతున్నాను' లాంటివాటి కింద ఒక గీత, 'చేశావు, నవ్వావు, ఓర్చుకున్నావు' లాంటివాటి కింద రెండు గీతలు గీయండి. ఒంటిగీతలే ఎక్కువైతే ఆ ఉత్తరం చదివాక ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. పెళ్ళిరోజున ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. మీ బెంగ రాయొద్దని కాదు, రాయండి. అయితే ఒక్కచోట, ఒక దృశ్యంగా రాయండి: "పాప పళ్ళు ఊడాయని ఫోటో పంపిన రోజు దాన్ని పనిలో పదిసార్లు చూసుకున్నాను." ఇది చాలు. 'మీకోసమే ఇక్కడ ఇంత కష్టపడుతున్నా' అన్న వాక్యం ఉంటే కొట్టేయండి. అది ప్రేమగా రాసినా, చదివేవారికి బాకీలా వినిపిస్తుంది.

మీ సిగ్గు గురించి. అందులో సగం న్యాయమే, ఆ మాటలు మీవి కావు గనక. రాసింది ఫోనులో రికార్డు చేసుకుని మీ గొంతుతో వినండి. ఎక్కడ నాలుక తడబడుతుందో, ఎక్కడ గొంతు మారిపోతుందో అక్కడ అరువు మాట ఉన్నట్టు. 'ప్రియాతి ప్రియమైన' అని మీరు ఎప్పుడూ పిలవలేదు. ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే మొదలుపెట్టండి. మిగతా సగం సిగ్గు మాత్రం రాసేవాళ్ళందరికీ ఉండేదే. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతా లేఖలు రాసినవాళ్ళు 'చదివేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందేమో' అని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకున్నారు, అందుకున్నవాళ్ళ సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. కాబట్టి మాటలు మీవేనని తేలాక కూడా సిగ్గు మిగిలితే, దాన్ని పట్టించుకోకుండా పంపేయండి.

ఇక కష్టమైన సంగతి, 'ఇంకెన్నాళ్ళిలా?' అన్న ప్రశ్న. దాన్ని వదిలేసి ఎంత ప్రేమగా రాసినా, ఆమె ఉత్తరమంతా ఆ జవాబు కోసమే వెతుక్కుంటుంది. దొరక్కపోతే, ఈ తీపి మాటలన్నీ దాన్ని దాటవేయడానికే అనిపిస్తుంది. అలాగని పెళ్ళిరోజు ఉత్తరంలో లెక్కలు వేసి, అప్పులు చెప్పి, తిరిగి రావడం గురించి వాదించడమూ తగదు. నాలుగు వాక్యాలు చాలు: "మొన్న నువ్వు అడిగినప్పుడు మాట మార్చాను. జవాబు లేక భయపడ్డాను. అది తప్పు. వచ్చే ఆదివారం పాప పడుకున్నాక మనిద్దరం దీని గురించే మాట్లాడుకుందాం, నేను కాగితం మీద అన్నీ రాసి పెట్టుకుంటాను." ఆదివారం అని రాస్తే ఆదివారం మాట్లాడాల్సిందే, కాబట్టి తేదీ కూడా వేయండి. 'త్వరలో వచ్చేస్తా' అనొద్దు. ఏడేళ్ళలో ఆ మాట ఆమె ఎన్నిసార్లు విందో మీకు తెలుసు. సెలవు మంజూరై, తేదీ చేతికొచ్చి ఉంటేనే రాయండి.

క్షమాపణ కూడా ఇక్కడే ఉంది, గమనించారా? ఉత్తరం మొత్తానికి అదొక్కటే చాలు. పదేళ్ళ తప్పులన్నీ ఏకరువు పెడితే, 'అయ్యో, అదేం లేదండీ' అనాల్సింది మళ్ళీ ఆమే. క్షమాపణ తర్వాత 'కానీ' అన్న మాట వస్తే దాని ముందున్నదంతా రద్దయినట్టే.

ఆమెను ముందే అడగొద్దన్నది ఇందుకు: మీ ఉత్తరం ఒక ప్రశ్నతో ముగియాలి. "నాన్న చెప్పింది, అమ్మ చెప్పింది విన్నాను. ఆ రాత్రి నీకెలా ఉందో మాత్రం వాళ్ళకి తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడు వీలైతే అప్పుడు చెబుతావా?" ఫీజులు, మందుల మాటల మధ్య ఆమె చెప్పడానికి చోటు లేకుండా పోయింది ఇదే.

అన్నీ కలిపితే చేతిరాతలో రెండు పేజీలు. ఆపరేషన్ రోజులకు ఒక పేజీ, మీ బెంగకు నాలుగైదు వరుసలు, ఆదివారం మాటకు నాలుగు, తర్వాత ప్రశ్న. అంతకు మించితే ఉపన్యాసం అవుతుంది. చేత్తోనే రాయండి. కొట్టివేతలు రెండు మూడు ఉన్నా ఫరవాలేదు, తిరగరాయొద్దు.

విదేశం నుంచి మామూలు పోస్టు ఎప్పుడు చేరుతుందో నమ్మకంగా చెప్పలేం. పెళ్ళిరోజుకి కనీసం ఐదు వారాల ముందు పంపండి, అదీ ట్రాకింగ్ ఉన్న పద్ధతిలో. బహుమతితో కలిపి పార్సెల్‌లో పెట్టొద్దు. వస్తువులున్న పెట్టెకు కస్టమ్స్ తనిఖీ ఉంటుంది, ఆలస్యమూ ఎక్కువ. ఉత్తరాన్ని విడిగా, ఒట్టి కవరులో పంపండి. అంటించే ముందు రెండు పేజీలకూ ఫోటో తీసి ఉంచుకోండి. ఆ రోజుకి అందకపోతే, ఆమె నిద్రలేచే వేళకు, మీ గడియారం ప్రకారం కాకుండా ఆమె గడియారం ప్రకారం, ఆ ఫోటోలు పంపండి.

కవరు ఇంట్లో ఎవరి చేతికి ముందు వెళ్తుందో ఆలోచించండి. ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాటలేవైనా ఉంటే వేరే కాగితం మీద రాసి, మడిచి, లోపల ఇంకో చిన్న కవరులో పెట్టి దాని మీద ఆమె పేరు రాయండి. లేకపోతే ఇంట్లోవాళ్ళు 'ఏం రాశాడు, చదువమ్మా' అంటే ఆమె ఇరుకున పడుతుంది.

ఆమె చదువుతుంటే వీడియోలో చూడాలని ఉంటుంది మీకు. వద్దు. ఎదురుగా మీ ముఖం ఉంటే ఆమె చదవడం మానేసి ముఖం సర్దుకుంటుంది. 'ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు' అని కవరు మీద రాయండి. చదివాక వెంటనే 'ఎలా ఉంది?' అని అడగొద్దు. రెండు మూడు రోజులు దాని ఊసెత్తకపోయినా కంగారు పడకండి. ఇన్నేళ్ళు లోపల దాచుకున్నది మాటగా రావడానికి సమయం పడుతుంది.

ఆ రాత్రి గురించి ఆమె చెప్పడం మొదలుపెట్టినప్పుడు, బహుశా ఏ మందుల మాటల మధ్యలోనో మొదలుపెడుతుంది, 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అని అడ్డురాకండి. తర్వాత ఏమైందో అడగండి.